రోవర్‌కు దిక్కు తప్పించేది పక్కనున్న తీగే

పొలం గట్టు మీద ఒక చిన్న నాలుగు చక్రాల రోవర్ నిలబడి ఉంది. కదలకుండా ఉన్నంతసేపూ తన ముఖం తూర్పుకు ఉందని సరిగ్గానే చెబుతుంది. బయలుదేరమని ఆజ్ఞ ఇవ్వగానే తెర మీది బాణం పక్కకు వాలుతుంది. తాను దారి తప్పానని అనుకుని అది స్టీరింగ్ తిప్పుతుంది. తిరగడానికి మోటార్లు ఇంకా ఎక్కువ కరెంటు లాగుతాయి, దాంతో బాణం మరికాస్త వాలుతుంది. ముక్కుసూటిగా వెళ్ళవలసిన బండి పాములా మెలికలు తిరుగుతుంది. ఇంజనీరింగ్ కాలేజీల్లో రోవర్లు కట్టే విద్యార్థులకు, పొలంలో నడిపే యంత్రాలు తయారుచేసేవాళ్ళకు ఈ దృశ్యం బాగా తెలుసు. చాలామంది ముందుగా జీపీఎస్‌ను అనుమానిస్తారు. మామూలు జీపీఎస్ ఒక్కటే ఉంటే, అది బండి ఎక్కడుందో చెప్పగలదు కానీ నిలబడి ఉన్న బండి ఎటు చూస్తోందో చెప్పలేదు. ఆ పని మాగ్నెటోమీటర్‌ది. అంటే భూమి అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే ఎలక్ట్రానిక్ దిక్సూచి.

ఆ క్షేత్రం ఎంత బలహీనమైనదో తెలిస్తే సమస్య సగం అర్థమైనట్టే. హైదరాబాద్ ప్రాంతంలో దాని మొత్తం బలం దాదాపు 43 మైక్రోటెస్లాలు. అందులో నేలకు సమాంతరంగా ఉండే భాగం 40కి కాస్త తక్కువ. దిక్కును తేల్చేది ఈ సమాంతర భాగమే. ఇప్పుడు ఒక తీగలో 10 ఆంపియర్ల కరెంటు పోతోందనుకోండి. దానికి 5 సెంటీమీటర్ల దూరంలో ఆ తీగ పుట్టించే క్షేత్రం 40 మైక్రోటెస్లాలు. పాఠ్యపుస్తకంలోని సూత్రంతో ఎవరైనా లెక్కవేసి చూసుకోవచ్చు. బ్యాటరీ నుంచి మోటార్ డ్రైవర్‌కు వెళ్ళే ఒక్క ఎర్ర వైరు, సెన్సర్‌కు మూడు వేళ్ళ దూరంలో ఒంటరిగా ఉంటే, భూగోళంతో సమానంగా పోటీ పడుతుందన్నమాట.

రోవర్ మీద సెన్సర్‌ను చెడగొట్టేవి రెండు రకాలు. మోటార్ల లోపలి శాశ్వత అయస్కాంతాలు, ఛాసిస్‌లోని ఇనుము, బోల్టులు ఎప్పుడూ అక్కడే ఉంటాయి, బండితోపాటే తిరుగుతాయి. వీటి ప్రభావం మారదు. వైర్లలోని కరెంటు అలా కాదు, యాక్సిలరేటర్‌తోపాటు క్షణక్షణం మారుతుంది. మారనిదాన్ని లెక్కతో తీసేయవచ్చు, మారేదాన్ని ముందు దూరంగా జరపాలి. ఈ తేడా గుర్తించకుండా అన్నిటికీ కాలిబ్రేషన్ ఒక్కటే మందు అనుకోవడం వల్లే చాలామంది మళ్ళీ మళ్ళీ కాలిబ్రేషన్ చేస్తూ కూర్చుంటారు.

ముందు మారనిదాని సంగతి. ఇనుము లేని చోట సెన్సర్‌ను బల్లపరుపుగా ఉంచి నెమ్మదిగా ఒక పూర్తి చుట్టు తిప్పితే, ముందువైపు అక్షం ఎక్స్, కుడివైపు అక్షం వై కొలతలను గ్రాఫ్ మీద పెట్టినప్పుడు సున్నా కేంద్రంగా ఒక వృత్తం వస్తుంది. దాని వ్యాసార్ధమే భూమి సమాంతర క్షేత్రం. పక్కన అయస్కాంతం ఉంటే వృత్తం వృత్తంగానే ఉంటుంది కానీ కేంద్రం పక్కకు జరుగుతుంది. పాసంగం ఉన్న తక్కెడలో ప్రతి తూకానికీ అదే తేడా కలిసినట్టు, ప్రతి కొలతకూ ఒకే అంకె కలుస్తుంది. దీన్ని ఈ రంగంలో హార్డ్ ఐరన్ దోషం అంటారు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఎనిమిది కిలోల రోవర్, నాలుగు గేరు మోటార్లు, సెన్సర్ పై పలక మీద మోటార్లకు 15 సెంటీమీటర్ల దూరంలో ఉంది. మోటార్లు ఆపి, బండిని ఒక చుట్టు తిప్పితే ఎక్స్ కొలత మైనస్ 14 నుంచి 62 వరకు, వై కొలత మైనస్ 43 నుంచి 31 వరకు పోయాయి. ఎక్స్ రెండు చివరల సగటు 24, వై సగటు మైనస్ 6. అవే కేంద్రం జరిగిన దూరాలు. వ్యాసార్ధాలు 38, 37. రెండూ దాదాపు సమానం, పైగా మన ప్రాంతపు క్షేత్రానికి దగ్గరగా ఉన్నాయి, కాబట్టి కొలత నమ్మదగినదే. కేంద్రం మొత్తం జరిగింది దాదాపు 25 మైక్రోటెస్లాలు. ఇది దిద్దకుండా వదిలేస్తే ఒకానొక దిక్కులో తప్పు 41 డిగ్రీల దాకా పోతుంది. అదే బండి మరో రెండు దిక్కుల్లో తప్పు లేకుండా చూపిస్తుంది. తూర్పున సరిపోయింది కదా అని ఒక్క దిక్కులోనే పరీక్షించి వదిలేయకూడదనేది అందుకే.

చుట్టూ ఎనిమిది దిక్కుల్లో తప్పును రాసుకుంటే దోషం రకం కూడా బయటపడుతుంది. ఒక చుట్టులో తప్పు ఒకసారి పెరిగి ఒకసారి తగ్గితే అది హార్డ్ ఐరన్. రెండుసార్లు పెరిగి రెండుసార్లు తగ్గితే అది సాఫ్ట్ ఐరన్. తనంతట తాను అయస్కాంతం కాకపోయినా భూమి క్షేత్రాన్ని తనవైపు వంచుకునే మెత్తని ఇనుము పని అది. అప్పుడు వృత్తం సాగి కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది. ఇనుప ఓడలు వచ్చిన కొత్తలో, 1838లో, జార్జ్ ఎయిరీ రెయిన్‌బో అనే ఓడను చుట్టూ తిప్పుతూ దిక్సూచి తప్పును కొలిచాడు. దాన్ని సరిచేయడానికి అయస్కాంతాల్నీ మెత్తని ఇనుము ముక్కల్నీ దిక్సూచి పక్కన అమర్చాడు. ఈనాటి రోవర్‌లో ఆ ఇనుము ముక్కల పనిని కొన్ని అంకెలు చేస్తాయి. సూత్రం ఏమీ మారలేదు. బ్యాటరీ విషయం మాత్రం ఒకటి చెప్పాలి. గుండ్రని 18650 సెల్స్ డబ్బా నికెల్ పూత పూసిన ఉక్కు. ఆ ప్యాక్‌ను పక్కకు జరిపినా, వేరే ప్యాక్ పెట్టినా పాత కాలిబ్రేషన్ చెల్లదు. మెత్తని సంచీల్లాంటి లిపో బ్యాటరీలతో ఈ బెడద తక్కువ.

కాలిబ్రేషన్ ఎక్కడ చేస్తున్నామన్నది చిన్న విషయం కాదు. ప్రయోగశాలలోని ఇనుప బల్ల మీదా, డాబా మీదా చేయకూడదు. స్లాబు నిండా ఇనుప ఊచలే. ఆగి ఉన్న కార్లకు, ఇనుప కంచెకు, విద్యుత్ స్తంభానికి దూరంగా మట్టి నేల ఉన్న మైదానానికి వెళ్ళాలి. జేబులో ఫోన్, చేతికి ఇనుప గడియారం లేకుండా చూసుకోవాలి. బండిని బల్లపరుపుగా తిప్పడమొక్కటే కాక, పక్కకు, తలకిందులుగా, ముక్కు పైకి, ముక్కు కిందికి అన్ని వైపులా తిప్పాలి. అప్పుడే మూడో అక్షం, జెడ్, కూడా తేలుతుంది. బండి ఎత్తుపల్లాల్లో వంగినప్పుడు ఆ మూడో అక్షం పని పడుతుంది. మన దగ్గర భూమి క్షేత్రం నేలలోకి పెద్దగా వాలదు కాబట్టి, ఒరుగుదలను ఐదు డిగ్రీలు తప్పుగా అంచనా వేసినా దిక్కులో రెండు డిగ్రీల తేడాయే వస్తుంది. లండన్‌లో సమాంతర భాగం మన దాంట్లో సగం మాత్రమే. అక్కడ అదే ఒరుగుదలకు పది డిగ్రీలు దాటుతుంది. మన నేల రోవర్‌కు చేసే మేలు ఇది. భౌగోళిక ఉత్తరానికీ అయస్కాంత ఉత్తరానికీ మధ్య తేడా కూడా హైదరాబాద్ దగ్గర ఒక డిగ్రీకి అటూ ఇటూ మాత్రమే. అందుకే ఇక్కడ బాణం ఇరవై డిగ్రీలు తప్పితే ఆ నెపం దాని మీద వేయలేం.

ఎనిమిది కిలోల బండిని ఇద్దరు పట్టుకుని తిప్పగలరు. అరవై కిలోల పొలం యంత్రాన్ని తలకిందులు చేయడం కుదరదు. ఆర్డుపైలట్ వాడేవాళ్ళకు మిషన్ ప్లానర్‌లో దీనికోసం `Large Vehicle MagCal` అని ఒక మీట ఉంది. బండి ముఖం నిజంగా ఏ దిక్కులో ఉందో మనం చెబితే, అక్కడ ఉండవలసిన క్షేత్రాన్ని ప్రపంచ అయస్కాంత నమూనా నుంచి తీసుకుని తేడాను లెక్కగడుతుంది. ఇది కేంద్రం జరుగుడును మాత్రమే సరిచేస్తుంది, గుడ్డు ఆకారాన్ని దిద్దదు. ఆ నిజమైన దిక్కును ఫోన్‌లోని దిక్సూచితో కొలిచి ఇవ్వకూడదు. బండి పక్కన ఉన్న ఫోన్‌కూ అదే జబ్బు తగులుతుంది. ఉపగ్రహ చిత్రంలో స్పష్టంగా కనిపించే పొడవాటి గట్టునో రోడ్డు అంచునో ఎంచుకుని, బండిని దానికి సమాంతరంగా నిలబెట్టి, పటం మీద ఆ గీత కోణాన్ని కొలిచి ఇవ్వడం మేలు.

ఇప్పుడు అసలు చిక్కుకు వద్దాం. కాలిబ్రేషన్ అయింది, నిలబడి ఉన్నప్పుడు అన్ని దిక్కులూ సరిపోతున్నాయి. బండిని స్టూలు మీద పెట్టి, చక్రాలు గాలిలో తిప్పి చూశారు. బాణం రెండు డిగ్రీలు కదిలింది, ఫరవాలేదనుకున్నారు. ఇక్కడే మోసపోతారు. గాలిలో తిరిగే చక్రాలకు భారం లేదు, మన బండి అప్పుడు లాగేది 2 ఆంపియర్లే. దుక్కి నేలలో గట్టెక్కేటప్పుడు 12 లాగుతుంది. పరీక్ష అసలైన భారంతోనే చేయాలి.

బండిని తూర్పు ముఖంగా నిలబెట్టి, వెనక నుంచి నైలాన్ తాడుతో చెట్టుకు బిగించి కట్టాలి. లాగ్ రాసుకునేలా పెట్టి, రెండు మూడు క్షణాలు ముందుకు తోలాలి, ఆపాలి. అంతకన్నా ఎక్కువసేపు వద్దు, కదలకుండా పట్టేసిన మోటార్ త్వరగా వేడెక్కుతుంది. బండి ఒక్క అంగుళం కూడా పక్కకు తిరగకుండా నేల మీద గీత గీసి చూసుకోవాలి. కొంచెం కరెంటుతో ఒకసారి, మధ్యస్థంగా ఒకసారి, గట్టిగా ఒకసారి తోలి, తర్వాత లాగ్‌లో `MAG` వరుసలోని `MagX`, `MagY` అంకెల్ని `BAT` వరుసలోని `Curr` పక్కన గీసుకోవాలి. బండి కదల్లేదు కాబట్టి భూమి క్షేత్రం మారలేదు. మారినదంతా కరెంటు పనే.

మన ఉదాహరణలో 12 ఆంపియర్ల దగ్గర ఎక్స్ 9.6 పెరిగింది, వై 3.6 తగ్గింది. 6 ఆంపియర్ల దగ్గర సరిగ్గా అందులో సగం. అంటే ఆంపియర్‌కు ఎక్స్‌లో 0.8, వైలో మైనస్ 0.3. తూర్పు చూస్తున్న బండి 90కి బదులు 77 డిగ్రీలు చూపించింది. పదమూడు డిగ్రీల తప్పు. పై పలక కింద వెతికితే కారణం కనబడుతుంది. బ్యాటరీ నుంచి వచ్చే ప్లస్ వైరు సెన్సర్‌కు 6 సెంటీమీటర్ల దూరంలో, మైనస్ వైరు 8 సెంటీమీటర్ల దూరంలో విడివిడిగా పోతున్నాయి. రెండింటిలో కరెంటు ఎదురెదురుగా పారుతుంది కాబట్టి ఒకదాన్నొకటి చాలావరకు రద్దు చేసుకున్నా, ఆ రెండు సెంటీమీటర్ల తేడాకే ఆంపియర్‌కు 0.8 మిగిలింది. సూత్రంతో లెక్కగట్టినా ఇంచుమించు ఇదే వస్తుంది.

అంత అందమైన సరళరేఖ వచ్చినప్పుడు కరెంటును గుణించి తీసేస్తే సరిపోతుంది కదా అనిపిస్తుంది. సొంతంగా ప్రోగ్రామ్ రాసుకునేవాళ్ళకు ఇంతే పని:

```python
x = mx - 24 - 0.8 * amps
y = my + 6 + 0.3 * amps
heading = math.degrees(math.atan2(-y, x)) % 360
```

కానీ అక్కడ ఆగిపోకుండా తాడును ఈసారి ముందువైపు కట్టి, అదే పరీక్షను వెనక్కి తోలుతూ చేయాలి. నా దృష్టిలో ఈ మొత్తం పనిలో అన్నిటికన్నా విలువైన పరీక్ష ఇదే. మోటార్ వెనక్కి తిరగాలంటే డ్రైవర్ మోటార్ వైర్లలో కరెంటును తిరగవేస్తుంది. బ్యాటరీ వైర్లలో మాత్రం అది ఎప్పటిలాగే ఒకే వైపు పారుతుంది. వెనక్కి తోలినప్పుడు కూడా ఎక్స్ పెరిగితే దోషి బ్యాటరీ వైర్లు. ఎక్స్ తగ్గితే దోషి మోటార్ వైర్లు. మధ్యరకంగా వస్తే రెండూ.

దోషి మోటార్ వైర్లయితే పై ప్రోగ్రామ్ పనికిరాదు. కరెంటు సెన్సర్ కొలిచేది బ్యాటరీ దగ్గరి కరెంటును. డ్రైవర్ వోల్టేజీని క్షణానికి వేలసార్లు ఆపుతూ వదులుతూ మోటార్ వేగాన్ని అదుపు చేస్తుంది. సగం వేగం దగ్గర బ్యాటరీ నుంచి 5 ఆంపియర్లు వస్తుంటే మోటార్ వైర్లలో 10 దాకా తిరుగుతుండవచ్చు. పైగా ఈ రకం బండి తిరగడానికి ఎడమ చక్రాల్ని ఒకవైపు, కుడి చక్రాల్ని మరోవైపు తిప్పుతుంది. మొత్తం కరెంటు అనే ఒక్క అంకెలో ఇవేవీ కనబడవు. సరిగ్గా దిక్కు అవసరమైన మలుపులోనే లెక్క తప్పుతుంది.

ఇలాంటి చోట దూరాన్ని మించిన మందు లేదు. బొంబాయిలోని కొలాబా అబ్జర్వేటరీ పందొమ్మిదో శతాబ్దపు నడుమ నుంచి భూమి అయస్కాంత క్షేత్రాన్ని కొలుస్తూ వచ్చింది. నగరంలో కరెంటు ట్రాములు రాబోతున్నాయని తెలిసినప్పుడు, ఆ తీగల ప్రభావం కొలతల మీద పడుతుందని గ్రహించి, డైరెక్టర్ ఎన్.ఎ.ఎఫ్. మూస్ ఆధ్వర్యంలో సముద్రానికి అవతల ఉన్న అలీబాగ్‌కు పనిని మార్చారు. 1904 నుంచి 1906 వరకు రెండు చోట్లా ఒకేసారి కొలిచి, పాత లెక్కకూ కొత్త లెక్కకూ లంకె కుదిర్చారు. ట్రాము కరెంటును గుణించి తీసేద్దామని వాళ్ళు చూడలేదు, అయస్కాంతాన్నే తీసుకెళ్ళిపోయారు.

రోవర్‌కు అలీబాగ్ అంటే పై పలక మీద నిలబెట్టిన ఒక అల్యూమినియం గొట్టమో పీవీసీ పైపో. సెన్సర్‌ను దాని కొన మీద, ఇత్తడి లేదా నైలాన్ స్క్రూలతో బిగించాలి. అయస్కాంత మొన ఉన్న స్క్రూడ్రైవర్‌ను ఆ దరిదాపులకు రానివ్వకూడదు, చుట్టుపక్కల ఉక్కు బోల్టులు దాని వల్ల అయస్కాంతాలైపోతాయి. చిన్న అయస్కాంతం ప్రభావం దూరంతో చాలా వేగంగా తగ్గుతుంది, దూరం రెట్టింపైతే ఎనిమిదో వంతే మిగులుతుంది. మోటార్ల నుంచి సెన్సర్ దూరం 15 నుంచి 30 సెంటీమీటర్లకు పెరిగితే, ఆ 25 మైక్రోటెస్లాల దోషం 3కు దిగుతుంది. కాలిబ్రేషన్ చేయకపోయినా తప్పు 5 డిగ్రీలు దాటదు. అప్పుడు చేసే కాలిబ్రేషన్ ఎక్కువకాలం నిలబడుతుంది కూడా. ఎందుకంటే ఎండకు మోటార్ వేడెక్కి అయస్కాంతం కాస్త బలహీనపడినా, చిన్న అంకెలో వచ్చే మార్పు చిన్నదే.

వైర్లకు కావలసింది మెలి. ప్లస్, మైనస్ రెండింటినీ జంటగా పెనవేసి తీసుకెళ్ళాలి. ఒక సెంటీమీటరు ఎడంతో పక్కపక్కన పోయే జంటలో 10 ఆంపియర్లు పారినా, 20 సెంటీమీటర్ల దూరంలో మిగిలేది అర మైక్రోటెస్లా, దిక్కులో ఒక డిగ్రీ కూడా కాదు. మెలివేస్తే అది ఇంకా తగ్గుతుంది, ఒక మెలిక పుట్టించిన క్షేత్రాన్ని పక్క మెలిక కొట్టివేస్తుంది. ఒక్కో మోటార్‌కు వెళ్ళే రెండు వైర్లకూ ఇదే పద్ధతి. ఇక్కడ ఒక పొరపాటు తరచుగా కనిపిస్తుంది. మైనస్ వైరుకు బదులు ఛాసిస్‌నే వాడుకుంటారు, కార్లలో లాగా. అలా చేస్తే తిరుగు కరెంటు ఎటు పోతుందో మన చేతిలో ఉండదు, మెలివేయడానికి జతే ఉండదు. సెన్సర్ మీద రాగి రేకు చుట్టడం వల్ల కూడా ప్రయోజనం లేదు. నిలకడగా ఉండే అయస్కాంత క్షేత్రాన్ని రాగి గానీ అల్యూమినియం గానీ ఆపవు. ఇనుప రేకు ఆపుతుంది కానీ దాంతోపాటు భూమి క్షేత్రాన్నీ ఆపేస్తుంది.

ఇంత చేశాక మిగిలిన కాస్త దోషం బ్యాటరీ వైర్లదే అయితే, అప్పుడు గుణించి తీసేసే లెక్కకు అర్థం ఉంటుంది. ఆర్డుపైలట్‌లో `COMPASS_MOTCT` ను 2కు పెడితే కరెంటును బట్టి దిద్దుతుంది. అంకెలు మైక్రోటెస్లాల్లో కాదు, మిల్లీగాస్‌లలో ఇవ్వాలి, ఒక మైక్రోటెస్లాకు పది మిల్లీగాస్. అక్కడ ఇచ్చిన అంకె కొలతకు కలుస్తుంది కాబట్టి గుర్తు తిరగవేయాలి. వైర్లు సర్దక ముందున్న మన పాత అంకెలనే తీసుకుంటే `COMPASS_MOT_X` మైనస్ 8, `COMPASS_MOT_Y` ప్లస్ 3 అయ్యేవి. సర్దిన తర్వాత తాడు పరీక్ష మళ్ళీ చేసి కొత్త అంకెలు ఇవ్వాలి. కంట్రోలర్ డబ్బా లోపల పుట్టుకతో ఉండే దిక్సూచిని ఆపేయడం కూడా మరవకూడదు. అది వైర్ల మధ్యనే ఉంటుంది, గొట్టం మీది దానితో పొసగక `PreArm: Compasses inconsistent` అని హెచ్చరిక వస్తుంది. ఆ హెచ్చరికను నొక్కిపెట్టి బండి నడపడం కన్నా చెడ్డదాన్ని వాడకంలోంచి తీసేయడం మంచిది.

చివరి పరీక్ష నడిపి చూడటమే. మైదానంలో యాభై మీటర్ల సూటి గీత మీద బండిని తూర్పుకు, పడమరకు, ఉత్తరానికి, దక్షిణానికి మనమే రిమోట్‌తో నడపాలి. వేగం నిలకడగా ఉన్నచోట జీపీఎస్ చూపే ప్రయాణ దిశనూ దిక్సూచి దిశనూ లాగ్‌లో పక్కపక్కన పెట్టాలి. బయలుదేరేటప్పుడు మాత్రమే తేడా వచ్చి తర్వాత తగ్గితే కరెంటు ప్రభావం ఇంకా మిగిలి ఉంది. నాలుగు దిక్కుల్లోనూ ఒకే తేడా వస్తే సెన్సర్ గొట్టం మీద కాస్త పక్కకు తిరిగి బిగిసింది. దిక్కును బట్టి తేడా మారుతుంటే కేంద్రం ఇంకా సరిగ్గా పడలేదు.

కొన్ని చోట్ల ఇదంతా సరిగ్గా చేసినా ఫలితం ఉండదు. ఇనుప షెడ్ల మధ్య, గోదాముల్లో, ఊచలు నింపిన కాంక్రీటు నేల మీద భూమి క్షేత్రమే అడుగడుక్కీ వంకరపోయి ఉంటుంది. అక్కడ సెన్సర్ చెప్పేది నిజమే, అక్కడి క్షేత్రం నిజంగానే అటు చూస్తోంది. అలాంటి చోట తిరిగే బండికి రెండు జీపీఎస్ యాంటెన్నాలు ముందొకటి వెనకొకటి పెట్టి, వాటి మధ్య గీత నుంచి దిక్కు తీసుకునే పద్ధతి ఉంది. ఖర్చు ఎక్కువ, రెండు యాంటెన్నాలకూ ఆకాశం బాగా కనబడాలి. కప్పు కింద అదీ పనిచేయదు, అక్కడ చక్రాల లెక్కనూ కెమెరానో లైడార్‌నో నమ్ముకోవాలి.